లాక్‌లో ఉండిపోయిన కేసు: షిఫ్టు చివరి పావుగంటలో ఏమి జరిగింది

జూన్ 8, ఆదివారం రాత్రి 11 గంటల 5 నిమిషాలకు మా షిఫ్టుకు ఒక ఫోను బదిలీ అయి వచ్చింది. అమెరికాలోని ఒక బీమా సంస్థ కస్టమర్ కేర్ నుంచి పంపారు. లైనులో ఉన్నది ఒక రోగి కూతురు. ఆమె తల్లికి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి పునరావాస నర్సింగ్ కేంద్రానికి పంపాలంటే బీమా సంస్థ ముందస్తు అనుమతి ఇవ్వాలి. ఆసుపత్రి వాళ్లు గురువారమే దరఖాస్తు పంపారు. మూడు రోజులైనా ఎవరూ పలకలేదు. "ఎప్పుడు నడక నేర్పిస్తారని అమ్మ రోజూ అడుగుతోంది. నేనేమి చెప్పను?" అన్నారామె.

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో ఇలాంటి అనుమతుల దరఖాస్తులు చూసే జట్టుకు నేను షిఫ్టు లీడ్‌ని. అనుమతి ఇచ్చేది మేము కాదు. ఆ నిర్ణయం అమెరికాలోని నర్సులది, వైద్యులది. దరఖాస్తు అందగానే తెరిచి చూడటం, ఏ కాగితాలు లేవో గుర్తించడం, ఆసుపత్రికి ఫోను చేసి, ఫ్యాక్స్ పంపి వాటిని తెప్పించడం, అన్నీ చేరాక కేసును నర్సు ముందు పెట్టడం మా పని. ఆ రాత్రి జరిగినదాన్ని, దాని వెనుక ఉన్నదాన్ని ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. రోగిని గానీ, మా జట్టులోని వాళ్లను గానీ గుర్తుపట్టే వివరాలు మార్చాను. గంటలూ నిమిషాలూ మాత్రం మార్చలేదు, ఎందుకంటే విషయమంతా వాటిలోనే ఉంది.

గడువు లెక్క

రోగిది మెడికేర్ అడ్వాంటేజ్ పథకం. అంటే అమెరికా ప్రభుత్వ మెడికేర్ ప్రయోజనాలను ప్రైవేటు బీమా సంస్థ ద్వారా అందించే ఏర్పాటు. ఆలస్యం చేస్తే రోగి ఆరోగ్యానికి ముప్పు అని వైద్యులు చెప్పిన దరఖాస్తును 'ఎక్స్‌పెడైటెడ్' అంటారు. దానిమీద 72 గంటల్లోపు నిర్ణయం తీసుకోవడమే కాదు, ఆ నిర్ణయాన్ని రోగికి తెలియజేయాలి కూడా. ఇవి పనిగంటలు కావు. శని, ఆదివారాలు కూడా లెక్కలోకి వస్తాయి. గడువు దాటితే ఆ మౌనాన్నే తిరస్కారంగా పరిగణిస్తారు, రోగి అప్పీలుకు వెళ్లవచ్చు.

కొన్ని సందర్భాల్లో గడువును 14 రోజుల వరకు పొడిగించవచ్చు. రోగి అడిగినప్పుడో, పథకంతో ఒప్పందం లేని ఆసుపత్రి నుంచి అదనపు ఆధారాలు రావలసి ఉండి అది రోగికి మేలు చేసేదైనప్పుడో అలా చేస్తారు. ఇక్కడ ఆసుపత్రికి ఒప్పందం ఉంది. మేము సమయానికి కాగితాలు అడగలేదన్నది పొడిగింపుకు కారణం కాదు.

దరఖాస్తు అందింది గురువారం, జూన్ 5న, అమెరికా తూర్పు కాలమానంలో సాయంత్రం 4:10కి. మనకు అప్పుడు శుక్రవారం తెల్లవారుజామున 1:40. వేసవిలో మనం వాళ్లకంటే తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం. శీతాకాలంలో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక ఆ తేడా పదిన్నర గంటలవుతుంది. గడువు ముగిసేది ఆదివారం వాళ్ల సాయంత్రం 4:10కి, అంటే మనకు సోమవారం తెల్లవారుజామున 1:40కి. కూతురు ఫోను చేసేసరికి మిగిలింది రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు.

ఆ రాత్రి

కేసు నంబరు కొట్టగానే తెరుచుకుంది గానీ చదవడానికి మాత్రమే. పైన ఎర్రని పట్టీలో, ఈ కేసు ఫలానా ఉద్యోగి చేతిలో లాక్ అయి ఉందని కనిపించింది. ఆ ఉద్యోగి మా జట్టు కుర్రవాడే. గురువారం షిఫ్టు చేసి శుక్రవారం తెల్లవారుజామున ఇంటికి వెళ్లాడు. శుక్రవారం వాళ్ల అన్నగారింట గృహప్రవేశం, సెలవు పెట్టాడు. శని, ఆదివారాలు వారపు సెలవు. సోమవారం సాయంత్రం దాకా రాడు. మూడు రోజులుగా కేసు అతని పేరు మీదే ఉంది.

మా దగ్గర కేసులన్నీ ఒక ఉమ్మడి క్యూలో ఉంటాయి. ఒకరు ఒక కేసు తెరవగానే అది వాళ్ల పేరుకు లాక్ అయి, ఉమ్మడి క్యూలోంచి మాయమవుతుంది. ఇద్దరు ఒకే ఆసుపత్రికి ఫోను చేయకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. పని పూర్తి చేస్తే కేసు ముందుకు వెళుతుంది, పూర్తి కాకపోతే 'రిలీజ్' నొక్కాలి, అప్పుడు మళ్లీ ఉమ్మడి క్యూలోకి వస్తుంది. రిలీజ్ చేయకుండా వెళ్లిపోతే ఆ కేసు క్యూలో మరెవరికీ కనిపించదు. గడువు దగ్గరపడిన కేసుల జాబితా ప్రతి షిఫ్టు మొదట్లో నేనే తీస్తాను. కానీ ఆ జాబితా ఉమ్మడి క్యూలో ఉన్నవాటినే చూపేది. ఒకరి చేతిలో ఉన్న కేసు మీద పని నడుస్తూ ఉంటుందన్న నమ్మకంతో ఎవరో ఒకప్పుడు అలా కట్టారు. శుక్రవారం, శనివారం, ఆదివారం మూడు జాబితాలూ తీశాం. మూడింటిలోనూ ఈ కేసు లేదు. చివరికి దీన్ని పట్టుకున్నది మా ఏర్పాటు కాదు, రోగి కూతురు.

పక్కసీటులో ఉన్న అమ్మాయి వెంటనే, "అతనికి ఫోను చేసి పాస్‌వర్డ్ అడుగుదామా మేడమ్? రెండు నిమిషాల్లో తెరిచేయవచ్చు" అంది. గడియారం చూస్తుంటే నాకూ ఆ ఆలోచన రాకపోలేదు. వద్దన్నాను. అమెరికా ఆరోగ్య సమాచార భద్రతా నిబంధనల ప్రకారం ప్రతి ఉద్యోగికి విడిగా ఒక లాగిన్ ఉండాలి, ఎవరు ఏ రోగి వివరాలు చూశారో దానిని బట్టే తేలుతుంది. అతని పేరుతో మేము లోపలికి వెళితే, అన్నగారింట్లో ఉన్న మనిషి ఆదివారం అర్ధరాత్రి ఈ కేసు మీద పనిచేసినట్టు రికార్డు చెబుతుంది. తర్వాత జరిగే ఏ విచారణలోనూ ఆ రికార్డును ఎవరూ నమ్మరు. అతన్నీ ఇరికించినవాళ్లం అవుతాం.

ఐటీ విభాగానికి ఫోను చేశాం. మేము వాడేది రిమోట్ డెస్క్‌టాప్, అంటే ప్రోగ్రాములన్నీ అమెరికాలోని సర్వరులో నడుస్తాయి, మా తెరమీద వాటి బొమ్మ మాత్రమే కనిపిస్తుంది. రాత్రి 11:20కి ఐటీ అతను సర్వరు మీద `quser` కొట్టి, కనిపించింది నాకు పంపాడు:

```
 USERNAME   SESSIONNAME   ID  STATE   IDLE TIME   LOGON TIME
 opr217                    7  Disc      2+19:55   6/5/2025 9:02 AM
```

ఆ వరుసలోనే కథంతా ఉంది. `Disc` అంటే కిటికీ మూసినా సెషన్ బతికే ఉందని అర్థం. `2+19:55` అంటే రెండు రోజుల 19 గంటల 55 నిమిషాలుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదని. వెనక్కి లెక్కిస్తే శుక్రవారం తెల్లవారుజామున 3:25 అవుతుంది. అతను సైన్ అవుట్ చేయలేదు. మూలనున్న గుర్తు నొక్కి కిటికీ మూశాడు. కళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి, తెర ఖాళీ అవుతుంది. కానీ కిటికీ మూస్తే సంబంధం మాత్రమే తెగుతుంది, లోపల ప్రోగ్రాము తెరిచినది తెరిచినట్టే ఉంటుంది. ఇలా తెగిన సెషన్‌ను ఇంత సమయం తర్వాత ముగించాలని ప్రత్యేకంగా పెట్టకపోతే విండోస్ సర్వరు దాన్ని అలాగే ఉంచుతుంది. మా సర్వరులో పెట్టలేదు.

ఐటీ అతను `logoff 7` కొట్టాడు. సెషన్ పోయింది. లాక్ పోలేదు.

ఇది నాకు ఆ రాత్రే పూర్తిగా అర్థమైంది. కిటికీ, సెషన్, కేసు మీద లాక్, ఈ మూడూ వేరువేరు. కిటికీ మూస్తే సెషన్ పోదు. సెషన్ ముగించినా లాక్ పోదు, ఎందుకంటే ఈ కేసు ఫలానా వారి చేతిలో ఉందన్న సంగతి డేటాబేసులో రాసి ఉంటుంది. రిలీజ్ నొక్కినప్పుడే ఆ వరుస చెరుగుతుంది. పదిహేను నిమిషాలు కదలకపోతే తెర దానంతటదే లాక్ అవుతుంది కదా, ఇంకేమి అని మా వాళ్లు చాలామంది అనుకునేవారు. ఆ తెర లాక్ మన సీటులోకి వేరొకరు రాకుండా కాపాడుతుంది. కేసును వదిలిపెట్టేది అది కాదు.

వేరొకరి లాక్ తీసే అధికారం మేనేజరుకే ఉంది. నిద్రలో ఉన్న ఆయన్ని లేపి, ఇంటి నుంచి లాగిన్ చేయించి, కారణం రాయించి, కేసు విడిపించేసరికి 11:52 అయింది. గంటా నలభై ఎనిమిది నిమిషాలు మిగిలాయి.

రెండు వాక్యాల నోటు

కేసు తెరిచి నోట్స్ చదివాను. మా నోట్స్ ఇంగ్లిషులోనే ఉంటాయి, అందులో ఉన్నది తెలుగులో చెబితే ఇంత: "ఆసుపత్రికి ఫోను చేశాను, వాయిస్ మెయిల్ పెట్టాను. ఫిజియోథెరపీ నోట్స్ కోసం ఫ్యాక్స్ పంపాను, రేపు మళ్లీ చూడాలి."

నర్సింగ్ కేంద్రంలో చేర్చడానికి అనుమతి ఇవ్వాలంటే రోగికి రోజూ నిపుణుల చికిత్స అవసరమని తేలాలి. తుంటి ఆపరేషన్ తర్వాత అది చెప్పేది ఫిజియోథెరపీ నోట్సే: మంచం మీద నుంచి లేవడానికి ఎంత సాయం కావాలి, వాకర్‌తో ఎన్ని అడుగులు వేయగలుగుతున్నారు, ఎక్కడ తూలుతున్నారు. దరఖాస్తుతో అవి రాలేదు. ఆ లోటును అతను సరిగానే గుర్తించాడు. అందుకు అతన్ని మెచ్చుకోవాలి, కేసు తెరిచిన అరగంటలోనే పట్టుకున్నాడు.

ఫ్యాక్స్ పంపానని ఉంది కాబట్టి నేను నమ్మాను. ఫ్యాక్స్ వెళ్లి మూడు రోజులైతే జవాబు వచ్చే ఉంటుంది, ఏదో వేరే కేసుకు పొరపాటున జతపడి ఉంటుంది అనుకున్నాను. వచ్చిన ఫ్యాక్సుల పెట్టెలో ఆ ఆసుపత్రి పేరుతో, రోగి పుట్టిన తేదీతో, శుక్రవారం నుంచి ఒక్కొక్కటీ వెతికాం. ఇద్దరం కలిసి పద్దెనిమిది నిమిషాలు పోగొట్టుకున్నాం. చివరికి పంపిన ఫ్యాక్సుల చిట్టా తెరిస్తే అక్కడ ఉంది. శుక్రవారం తెల్లవారుజామున 3:15కి వరుసలో పెట్టాడు. అవతలి లైను ఖాళీ లేక మూడుసార్లు ప్రయత్నించి, 3:38కి విఫలమైంది. విఫలమైనట్టు సందేశం పంపినవారికే వెళుతుంది. అది వచ్చేసరికి అతను సీటులో లేడు, కింద క్యాబ్ దగ్గర ఉన్నాడు.

అతను అబద్ధం రాయలేదు. పంపు అన్న మీట నొక్కాడు, పంపాను అని రాశాడు. కానీ మీట నొక్కడం వేరు, అవతల అందడం వేరు. నోటు చదివేవారికి ఈ తేడా తెలిసే దారి లేదు. అసలు ఏమీ రాయకుండా ఉన్నా నేను నేరుగా ఆసుపత్రికే ఫోను చేసేదాన్ని. తప్పు నోటు నన్ను తప్పు గదిలోకి పంపి, అక్కడ వెతికించింది.

"రేపు" అన్న మాట సంగతీ ఇంతే. తెల్లవారుజామున 3:20కి హైదరాబాద్‌లో కూర్చొని రేపు అంటే ఏ రోజు? సిస్టమ్ ముద్ర వేసినది అమెరికా గురువారం సాయంత్రం. మనకు అప్పటికే శుక్రవారం. పైగా ఎవరు చూడాలి? రాసిన మనిషి శుక్రవారం సెలవులో ఉన్నాడు. రోస్టరులో ఆ సెలవు నేనే సంతకం చేశాను.

తర్వాతిది త్వరగా చెబుతాను. 12:10కి ఆసుపత్రికి ఫోను చేశాం. ఆదివారం కేసు మేనేజర్లు ఉండరు, గురువారం వాయిస్ మెయిల్ పెట్టింది వాళ్ల నంబరుకే. మేము ఆపరేటరు ద్వారా నేరుగా వార్డుకు వెళ్లాం. వార్డులో నర్సు ఎప్పుడూ ఉంటుంది. సంగతి చెప్పగానే ఆమె పేజీలు తీసి పంపింది, 12:48కి మాకు అందాయి. అమెరికాలో వారాంతపు డ్యూటీలో ఉన్న నర్సు చదివి 1:21కి అనుమతి ఇచ్చారు. 1:28కి కూతురికి ఫోను వెళ్లింది. గడువుకు పన్నెండు నిమిషాల ముందు. ఇలా నోటిమాటగా చెప్పినప్పుడు మూడు రోజుల్లోపు ఉత్తరం కూడా పంపాలి, అది సోమవారం వెళ్లింది.

గడువు తప్పలేదు కాబట్టి లెక్కల్లో ఇది సవ్యంగా ముగిసిన కేసు. నేను అలా చూడలేను. అదే వార్డుకు అదే ఫోను శుక్రవారం సాయంత్రం షిఫ్టు మొదట్లో వెళ్లి ఉంటే, ఆ పెద్దావిడ శనివారానికే నర్సింగ్ కేంద్రంలో నడక సాధన మొదలుపెట్టి ఉండేవారు. తుంటి విరిగినవారికి మంచం మీద గడిచే ప్రతి రోజూ కండ బలాన్ని తీసుకుపోతుంది. ఆ రెండు రోజులు మా చేతిలో లాక్ అయి ఉన్నాయి.

అతను ఎందుకు రిలీజ్ చేయలేదు

సోమవారం సాయంత్రం అతను రాగానే విడిగా కూర్చోబెట్టి మాట్లాడాను. నిర్లక్ష్యం అని ముందే తీర్పు రాసుకుని వెళ్లలేదు, ఎందుకంటే అతని పని నాకు తెలుసు.

"రిలీజ్ చేయడం మరిచిపోయావా?" అని అడిగాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "మరిచిపోలేదు మేడమ్. రిలీజ్ చేస్తే కేసు ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ముప్పావు వంతు పని నేను చేశాను. కాగితాలు వస్తే పావుగంటలో ముగిసే కేసు. నేనే ముగిద్దామనుకున్నాను."

"శుక్రవారం సెలవు కదా?"

"3:45 క్యాబ్ తప్పితే మళ్లీ 4:30కి. ఇంటికి వెళ్లి, స్నానం చేసి, ఆరింటికల్లా బయలుదేరాలి. ఆ తొందరలో సెలవు సంగతి తట్టలేదు మేడమ్."

మాకు రోజువారీ లెక్క ఉంది, ఎన్ని కేసులు పూర్తి చేశారన్నది. ఆ లెక్క కేసు ఎవరి చేతిలో ముగిసిందో వాళ్ల పేరునే వేస్తుంది. మధ్యలో చదివినవారికి, ఫోను చేసినవారికి, లోటు గుర్తించినవారికి ఏమీ పడదు. అంటే షిఫ్టు చివర సగం అయిన కేసును వదిలిపెట్టడమంటే గంట పనిని పక్కవారికి ధారపోయడమే. అంతకుముందు ఆరు వారాల లాక్‌ల చిట్టా తెప్పించి చూశాను. షిఫ్టు ముగిశాక కూడా ఎవరో ఒకరి పేరు మీద ఉండిపోయిన కేసులు అతనివి మాత్రమే కావు. మా జట్టులో పనిలో ముందున్న నలుగురివీ ఉన్నాయి, వాళ్లవే ఎక్కువ. మిగతావి గడువుకు ముందే బయటపడ్డాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

రిలీజ్ చేయండి అని గోడమీద కాగితం అంటించి ఊరుకుంటే ఇది మారదని అప్పుడు తేలింది. పై వాళ్లతో మూడు సమావేశాలు పట్టింది. కేసును రెండు భాగాలుగా లెక్కించడానికి చివరికి ఒప్పుకున్నారు: లోటు గుర్తించి కాగితాలు అడిగినంతవరకు ఒక అర, కాగితాలు వచ్చాక పూర్తి చేసి నర్సుకు పంపితే ఇంకో అర. రిలీజ్ చేసినా మొదటి అర పోదు. కానీ ఒక షరతు పెట్టాం, నోటు సరిగా ఉంటేనే అది పడుతుంది. ఈ ఒక్క మార్పు తక్కినవాటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది.

ఇప్పుడు షిఫ్టు ఎలా ముగిస్తున్నాం

3:30కి ముగిసే షిఫ్టులో 3:05 తర్వాత కొత్త కేసు తెరవం. ఇరవై అయిదు నిమిషాలు ఎందుకంటే, ఒక ఫ్యాక్స్ మూడుసార్లు ప్రయత్నించి తేలడానికి ఆ రాత్రి ఇరవై మూడు నిమిషాలు పట్టింది. ఫలితం చూసి వెళ్లాలంటే అంత సమయం చేతిలో ఉండాలి.

నోటు రాసేటప్పుడు జరిగినదాన్నే జరిగినట్టు రాస్తాం, దానికి రుజువు పక్కనే. ఫ్యాక్స్ అందినట్టు నిర్ధారణ వస్తే ఆ సమయంతో "అందింది" అంటాం. రాకపోతే "వరుసలో పెట్టాను, ఇంకా తేలలేదు" అంటాం. ఎవరితో మాట్లాడామో, ఏ నంబరుకు చేశామో రాస్తాం. తర్వాతి మెట్టును ఎవరు చేసినా చేయగలిగేలా రాస్తాం. "రేపు" అన్న మాట వాడం. తేదీ, గంట, అదీ అమెరికా తూర్పు కాలమానంలో. గురువారం నాటి ఆ కేసుకే ఇప్పుడు నోటు రాయాలంటే ఇలా ఉంటుంది:

"గడువు: జూన్ 8, ఆదివారం, సాయంత్రం 4:10, తూర్పు కాలమానం. లేనివి: ఆపరేషన్ తర్వాతి ఫిజియోథెరపీ నోట్స్. తక్కినవన్నీ ఉన్నాయి, చదివాను. కేసు మేనేజర్ల నంబరుకు సాయంత్రం 5:20కి చేశాను, ఎవరూ ఎత్తలేదు, వాయిస్ మెయిల్ పెట్టాను. 5:45కి ఫ్యాక్స్ వరుసలో పెట్టాను, ఇది రాసేసరికి తేలలేదు. తర్వాతి మెట్టు: ముందు ఫ్యాక్స్ చిట్టా చూడాలి. విఫలమైతే జూన్ 6 ఉదయం 9కి మళ్లీ పంపి, ఆపరేటరు ద్వారా వార్డు నర్సుతో మాట్లాడాలి. నేను సెలవు, జూన్ 9న వస్తాను."

ఇది రాయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. చదివినవారు మొదటి నిమిషంలోనే ఫోను ఎత్తగలరు.

ఆ తర్వాత వరుస ఇది. ముందు ఫోనులో కాల్స్ రాకుండా పెట్టుకుంటాం, లేకపోతే నోటు మధ్యలో కాల్ వచ్చి అంతా చెదురుతుంది. నోటు భద్రపరిచాకే రిలీజ్, ఎందుకంటే రిలీజ్ నొక్కిన మరుక్షణం వేరొకరు తెరవవచ్చు, అప్పుడు మన నోటు ఎక్కదు. 'నా కేసులు' అన్న జాబితా సున్నా అయిందో లేదో చూస్తాం. ప్రోగ్రామును దాని మెనూలోంచే మూస్తాం. రిమోట్ డెస్క్‌టాప్‌లో సైన్ అవుట్ చేస్తాం, మూలనున్న గుర్తు జోలికి పోం. 3:30కి ఆ షిఫ్టు లీడ్ అందరి పేర్ల మీదా ఎన్ని కేసులున్నాయో ఒకసారి చూస్తారు. క్యాబ్‌ల వాళ్లతో మాట్లాడి 3:45ను 3:55 చేయించాం. ఆ పది నిమిషాల కోసం రవాణా విభాగం ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టమైంది.

గడువుల జాబితాలో ఇప్పుడు లాక్ అయినవి కూడా వస్తాయి. ఫ్యాక్స్ విఫలమైతే సందేశం పంపినవారికే కాకుండా జట్టు ఉమ్మడి పెట్టెకూ వస్తుంది.

ఒకటి తప్పు చేసి దిద్దుకున్నాం. లాక్‌లు వాటంతటవే పోయేలా, ముప్పై నిమిషాలు కదలిక లేకపోతే కేసు రిలీజ్ అయ్యేలా మొదట పెట్టించాం. రెండో వారంలోనే తేడా వచ్చింది. మా జట్టులో ఒకామె ఆసుపత్రితో ఫోనులో నలభై నిమిషాలు హోల్డులో ఉంది, కీబోర్డు ముట్టుకోలేదు. కేసు ఆమె చేతిలోంచి జారి వేరొకరికి వెళ్లింది. అతనూ అదే వార్డుకు ఫోను చేశాడు. ఆమె సగం టైపు చేసిన నోటు పోయింది. ఇప్పుడు కదలికతో సంబంధం లేదు. రోస్టరు ప్రకారం ఆ మనిషి షిఫ్టు ముగిసిన అరగంటకు రిలీజ్ అవుతుంది. సర్వరులో తెగిన సెషన్ కూడా అప్పుడే ముగుస్తుంది. అయినా ఇది చివరి అడ్డుకట్ట మాత్రమే, ఎందుకంటే యంత్రం కేసును వదులుతుంది గానీ నోటు రాయదు. అలా యంత్రం వదిలిన కేసులకు ప్రత్యేక గుర్తు పడుతుంది, తర్వాతి షిఫ్టు వాటిని మొదటి పేజీ నుంచి చదువుతుంది.

రిలీజ్ సులువు చేస్తే ఇంకో చిక్కు వస్తుంది. కష్టమైన కేసును కొంచెం ముట్టుకుని వదిలేయడం అలవాటవుతుంది. అది చేతులు మారుతూ ఎవరి దగ్గరా ముందుకు కదలదు. అందుకని మూడు చేతులు మారిన కేసు నేరుగా షిఫ్టు లీడ్ దగ్గరికి వస్తుంది. ఈ మధ్య అలా నా దగ్గరికి వచ్చినవాటిలో ఒకటి నిజంగానే చిక్కుముడి. రెండు ఆసుపత్రులు, రెండు రికార్డు నంబర్లు, ఒకే రోగి. మూడు నోట్సూ చదివాను. మూడోది ఆ కుర్రవాడిదే. మొదటి ఇద్దరూ ఏ నంబరుకు ఫోను చేసి విఫలమయ్యారో, మిగిలిన నంబరు ఏదో, అది తను ఎందుకు ప్రయత్నించలేకపోయాడో గంటతో సహా రాశాడు. నేను ఆ మిగిలిన నంబరుకే చేశాను. రెండో రింగులో ఎత్తారు.